కీచుమన్నా, కింది స్వరం పలకకపోయినా ముందు చూడాల్సింది కింది పెదవినే

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గాజువాకలో ఉంటాను. ఐదు నెలల క్రితం పాత బి ఫ్లాట్ క్లారినెట్ ఒకటి కొనుక్కుని నేర్చుకుంటున్నాను. వారానికోసారి బ్యాండ్ మాస్టారి దగ్గరికి వెళ్తాను. వాయిస్తుంటే ఉన్నట్టుండి కీచుమంటుంది. కింది స్వరాలు, ముఖ్యంగా జి దగ్గర నుంచి, గాలి తప్ప నాదం రావడం లేదు. 2 నంబరు రీడ్ మెత్తన అని షాపులో చెబితే 3కి మారాను. ఇబ్బంది ఇంకా ఎక్కువైంది. అరగంట వాయిస్తే కింది పెదవి లోపల పళ్ల గాట్లు పడుతున్నాయి. రీడ్ మార్చాలా, వాయిద్యమే పాడైందా, నా నోరే సరిగా లేదా?

జవాబు: నమస్కారం. ముందుగా ఆ 3 నంబరు రీడ్లు ఒక నెల పాటు పక్కన పెట్టేయండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాసిన పళ్ల గాట్లు. మీరు రీడ్‌ను కొరుకుతున్నారు. కీచుకీ, కింది స్వరాల నీరసానికీ ఎక్కువ భాగం మూలం అదే. రీడ్ గట్టిదైన కొద్దీ కొరుకుడు పెరుగుతుంది.

ఎందుకో చెబుతాను. మౌత్‌పీస్ కొనకీ రీడ్ కొనకీ మధ్య ఉండే సందు సుమారు ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. మీరు ఊదిన గాలికి రీడ్ ఆ సందును మూస్తూ తెరుస్తూ ఆడుతుంది. నాదం పుట్టేది ఆ ఆటలోనే. కింది స్వరాలకు గొట్టం దాదాపు పూర్తి పొడవునా గాలి కదలాలి కాబట్టి రీడ్ నెమ్మదిగా, వెడల్పుగా ఊగాలి. కింది దవడతో నొక్కితే ఆ సందు సగం మూసుకుపోతుంది. ఇక రీడ్‌కు ఊగే చోటు ఉండదు, గాలి సుస్సుమంటూ పక్కల నుంచి పోతుంది. గట్టి రీడ్ వేసుకున్నప్పుడు మామూలు గాలికి అది కదలదు కాబట్టి తెలియకుండానే దవడ పైకి లేచి దాన్ని అదుముతుంది. షాపులో మీకు చెప్పిన సలహా మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఐదు నెలల నోటికి 2 లేదా రెండున్నర నంబరే సరిపోతుంది. రీడ్ మరీ మెత్తనైతే దానికి వేరే గుర్తులుంటాయి. గట్టిగా ఊదగానే స్వరం చటుక్కున ఆగిపోతుంది, నాదం బాగా జుర్రుమంటుంది, శృతి కిందికి జారుతుంది. మీరు రాసినది అది కాదు. నాదంలో గాలి చప్పుడు ఎక్కువ కావడం గట్టి రీడ్ గుర్తు.

ఇప్పుడు కీచు సంగతి. కీచుల్లో రెండు రకాలున్నాయి. ఏది వస్తోందో చెవితో పట్టుకోగలిగితే సగం పని అయిపోయినట్టే.

మొదటి రకంలో స్వరం చక్కగా, శుభ్రంగా పైకి దూకుతుంది. వేణువులో గట్టిగా ఊదితే సా నుంచి పై సా వస్తుంది. సన్నాయిలోనూ అంతే. క్లారినెట్‌లో అలా జరగదు. మంద్ర స్థాయి సా పలకబోతే మధ్య స్థాయి పంచమం వస్తుంది. దాని గొట్టం చాలావరకు ఒకే వెడల్పున ఉండి, రీడ్ వైపు మూసినట్టు పనిచేయడం వల్ల పై సా మీద ఆగకుండా దాటి పోతుంది. సన్నాయి గొట్టం కింది దాకా విచ్చుకుంటూ పోతుంది, అందుకే అక్కడ లెక్క వేరు. మీ కింది జి ఊదుతుంటే ఉన్నట్టుండి పై డి వచ్చిందంటే ఈ రకమే. దీనికి కారణం ఎక్కువగా వేళ్ల దగ్గరో, కీల కింద రంధ్రాలను మూసే ప్యాడ్ల దగ్గరో ఉంటుంది. ఏదో ఒక రంధ్రం పూర్తిగా మూసుకోలేదు, లేదా ఎడమ బొటనవేలు, స్వరాన్ని పై స్థాయికి దూకించే రిజిస్టర్ కీని తాకింది, లేదా కుడి చూపుడువేలి మొదలు పక్కనున్న సైడ్ కీలను నొక్కింది.

రెండో రకానికి స్వరం పేరంటూ ఉండదు. ఎక్కడో పైన కుక్కర్ విజిల్ వేసినట్టు చెవులు చిల్లులు పడేలా వస్తుంది. ఇది ఎక్కువగా రీడ్ దగ్గర, నోటి దగ్గర పుడుతుంది. రీడ్ కొన ఎండి అలలు తిరిగినా, ఒక మూల విరిగినా, వంకరగా బిగించినా, నోట్లోకి మరీ ఎక్కువ తీసుకున్నా, కొరికినా ఇదే వస్తుంది.

రెండూ కలిసి వచ్చేవాళ్లూ ఉంటారు. మద్దిలపాలెం నుంచి నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయికి సరిగ్గా ఇలాగే ఉండేది. ఆ అమ్మాయి కథ కొంచెం వివరంగా చెబుతాను, మీకు ఆ వరస పనికొస్తుంది.

ఆ అమ్మాయి వచ్చినప్పుడు మొదట చేసిన పని మార్చి చూడటం. నా మౌత్‌పీస్‌ను, నా రీడ్‌తో సహా, ఆ అమ్మాయి క్లారినెట్‌కు పెట్టి నేను వాయించాను. అన్నిటికంటే కింది ఇ కూడా నిండుగా పలికింది. అంటే ప్యాడ్లు, కీలు బాగానే ఉన్నాయి. తర్వాత ఆ అమ్మాయి రీడ్‌ను, మౌత్‌పీస్‌ను బాగా కడిగి నేనే వాయించాను. కింది స్వరాలు కాస్త బొంగురుపోయాయి కానీ పలికాయి. అంటే రీడ్‌లో కొంత లోపం ఉంది, కానీ అదొక్కటే కాదు. మిగిలింది నోరూ వేళ్లూ. మీ మాస్టారిని ఈ ఆదివారం ఇదే చేయమనండి. ఆయన తన మౌత్‌పీస్‌తో మీ క్లారినెట్ వాయించినా కింది స్వరాలు పలకకపోతే అప్పుడు వాయిద్యాన్ని అనుమానించాలి. పాత వాయిద్యం కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. ఇది చేయకుండా నెలల తరబడి నోటిని తిట్టుకోవడం అన్యాయం.

వాయిద్యాన్ని ఇంట్లో మీరే చూసుకునే పద్ధతి ఒకటుంది. పై భాగం ఒక్కటే చేతిలోకి తీసుకుని, బొటనవేలి రంధ్రం, ముందున్న మూడు రంధ్రాలు మూసి, కింది చివర అరచేత్తో అదిమిపట్టి, పైనుంచి గాలి లోపలికి పీల్చండి. నాలుగైదు సెకన్లు బిగదీసి నిలవాలి. కింది భాగంలో మూడు రంధ్రాలు మూసి, చిటికెనవేలితో కింది ఇ కీ నొక్కి, బెల్ వైపు చివర అరచేత్తో మూసి ఇలాగే పీల్చండి. గాలి జారిపోతుంటే ఏదో ప్యాడ్ కారుతోంది. అది రిపేరు చేసేవాళ్ల పని, మీరు స్క్రూ డ్రైవర్ పట్టుకోవద్దు. ఇంకో చిన్న సంగతి, రెండు భాగాలూ కలిపేటప్పుడు పై భాగంలో ముందున్న రింగులను నొక్కి పట్టుకుని కలపండి. మధ్యలో ఉండే వంతెన కీ వంగితే కుడిచేతి రింగుల ప్యాడ్ సరిగ్గా మూసుకోదు, జి పలకదు.

ఇక రీడ్. ఆ అమ్మాయి కూడా రీడ్‌ను మౌత్‌పీస్ మీదే ఉంచి పెట్టె మూసేసేది. విశాఖలో ఇది అసలు చేయకూడదు. మన ఉక్కపోతలో, సముద్రపు గాలిలో, తడి రీడ్ మూసిన పెట్టెలో రాత్రంతా ఉంటే ఆరదు. కొన్నాళ్లకు చదునైన వైపు నల్లటి, బూడిద రంగు చుక్కలు వస్తాయి. అది బూజు. అలాంటి రీడ్‌ను కడిగి వాడుకుందామని చూడకండి, పారేయండి. అదే ఏసీ గదిలో వదిలేస్తే కొన తొందరగా ఆరి అలలు తిరుగుతుంది. రెండూ చెడ్డవే.

నేను చేసేది ఇది. నాలుగు రీడ్లు ఒకేసారి తెరిచి, వెనక బెరడు వైపు పెన్సిల్‌తో 1 నుంచి 4 దాకా నంబరు వేస్తాను. రోజుకొకటి చొప్పున వంతులవారీగా వాడతాను. కొత్త రీడ్‌ను మొదటిరోజు ఐదు నిమిషాలు, తర్వాతి వంతులో పది, ఆ తర్వాత పదిహేను. మొదటిరోజే గంటసేపు వాయిస్తే అది త్వరగా చస్తుంది. వాయించే ముందు నోట్లో ఒకటి రెండు నిమిషాలు నానబెట్టండి, లేదా చిన్న గ్లాసు నీళ్లలో ఒక నిమిషం. టీ తాగి వెంటనే వాయించకండి, ముందు నోరు పుక్కిలించండి. చక్కెర రీడ్‌నూ ప్యాడ్లనూ రెంటినీ పాడుచేస్తుంది. వాయించాక రీడ్‌ను మొదలు నుంచి కొన వైపు రెండు వేళ్ల మధ్య తుడిచి, చదునైన వైపు అద్దం మీద ఆనించి ఓ పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత రంధ్రాలున్న రీడ్ డబ్బాలో పెట్టండి. అద్దాలు కోసే షాపులో అరచేయంత ముక్క అడిగి, అంచులు గరుకు కాగితంతో రుద్దుకుంటే చాలు. ఫ్యాన్ కింద పెట్టి తొందరపెట్టొద్దు.

కొన అలలు తిరిగితే ఇంకో రెండు నిమిషాలు తడిపి, అదే అద్దం మీద వేలితో మెల్లగా ఆనించి పట్టుకోండి, చాలాసార్లు చదునవుతుంది. కొన విరిగితే మాత్రం ఆశ వదులుకోండి. రోజూ వాయించేవాళ్లకు ఒక రీడ్ కొన్ని వారాలే బతుకుతుంది. నాదం పలచబడి, పై స్వరాలు శృతి తప్పుతుంటే దాని పని అయిపోయినట్టు.

బిగించేటప్పుడు రీడ్ కొన మౌత్‌పీస్ కొనతో సమంగా ఉండాలి. ఎదురుగా చూస్తే రీడ్ పైన వెంట్రుకంత నల్లటి గీత కనిపిస్తే సరిపోతుంది. రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడండి. రీడ్‌ను పట్టి ఉంచే లిగేచర్ స్క్రూలు వేలితో తిరిగినంతవరకే బిగించండి. మౌత్‌పీస్ మీద గీతలుంటే లిగేచర్ పై గీతకు కిందే ఉండాలి. తర్వాత ఒక పరీక్ష. మౌత్‌పీస్ మాత్రమే తీసి, కింది రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి గట్టిగా పీల్చి నోట్లోంచి తీయండి. రీడ్ ఒక సెకను, రెండు సెకన్లు అతుక్కుని ఉండి టప్‌మని విడివడాలి. అసలు అతుక్కోకపోతే రీడ్ వంకరైంది, లేదా వంకరగా బిగించారు. ఆ అమ్మాయి దగ్గరున్న మూడు రీడ్లలో ఒక్కటే టప్‌మంది. మిగతా రెండూ తీసేశాం.

అసలు విషయం నోరు. రీడ్ మౌత్‌పీస్ నుంచి విడివడే చోటు ఎక్కడో మీకు తెలియాలి. సన్నటి కాగితం ముక్క తీసుకుని, బిగించిన రీడ్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య కొన వైపు నుంచి మెల్లగా కిందికి జార్చండి. ఎక్కడ ఆగిందో అక్కడ రీడ్ అంచున పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. కొన నుంచి సుమారు 10, 12 మిల్లీమీటర్లు ఉంటుంది. కింది పెదవి పట్టు ఆ గుర్తు దగ్గర ఉండాలి. అంతకంటే తక్కువ తీసుకుంటే నాదం చిన్నదై గాలి చప్పుడు వస్తుంది, ఎక్కువ తీసుకుంటే కీచు. కొరికేవాళ్లు చాలామంది రీడ్‌ను తక్కువే తీసుకుంటారు. ఆ అమ్మాయి ఆరు మిల్లీమీటర్లే తీసుకునేది. కీచుకు భయపడి వెనక్కి జరిగి, నాదం చాలక దవడతో నొక్కి, ఆ నొక్కుడుకు మళ్లీ కీచు తెచ్చుకునేది. మీ గాట్లు చూస్తే మీదీ ఇదే దారి అనిపిస్తోంది.

పై పళ్లు మౌత్‌పీస్ మీద గట్టిగా నిలవాలి. కింది పెదవిలో ఎర్రటి భాగం సగం మాత్రం కింది పళ్ల మీదికి మడవండి, పూర్తిగా లోపలికి చుట్టొద్దు. పెదవుల మూలలు లోపలికి రావాలి, సంచి మూతికున్న తాడు లాగినట్టు అన్ని వైపుల నుంచీ పట్టు ఉండాలి. కింది నుంచి పైకి నొక్కే బలం మాత్రం ఉండకూడదు. అద్దంలో చూసుకోండి. గడ్డం చదునుగా, కాస్త కిందికి సాగినట్టు ఉండాలి. గడ్డం చర్మం గుంటలు పడి పైకి లేస్తుంటే దవడ నొక్కుతోందన్నమాట. బుగ్గలు ఉబ్బకూడదు. క్లారినెట్ శరీరానికి ముప్ఫై, నలభై డిగ్రీల వంపులో ఉండాలి. ముందుకు ఎత్తేస్తే రీడ్ మీద కింది పెదవి పట్టు తప్పుతుంది.

పట్టు కుదిరిందో లేదో ట్యూనర్ చెబుతుంది. మౌత్‌పీస్, దాని కిందుండే పొట్టి ముక్క బ్యారెల్, ఈ రెండే కలిపి ఊదండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ మామూలు సెట్టింగ్‌లో, అంటే సి వాయిద్యానికి పెట్టి చూస్తే `F#` దగ్గర నిలకడగా నిలవాలి. యాప్‌ను బి ఫ్లాట్ వాయిద్యానికి మార్చి ఉంటే `G#` చూపిస్తుంది, కంగారు పడకండి. చాలా కిందికి పోతుంటే పట్టు వదులైంది, పైకి పోతుంటే కొరుకుతున్నారు. సూది ఊగుతుంటే గాలి నిలకడగా లేదు. ఎనిమిది సెకన్ల పాటు సూది కదలకుండా ఊదగలిగితే ఆ రోజుకు నోరు సిద్ధం. అంతవరకూ మిగతా భాగాలు కలపొద్దు.

కొరుకుడు మాన్పడానికి నాకు తెలిసిన గట్టి మందు పై పెదవిని కూడా పై పళ్ల మీదికి మడిచి వాయించడం. కొరికితే పై పెదవి వెంటనే నొప్పి పుడుతుంది కాబట్టి దవడ తనంతట తానే వదులుతుంది. కూర్చుని, బెల్‌ను మోకాళ్ల మధ్య ఆనించి, బరువు చేతుల మీద పడకుండా చూసుకుని, రోజుకు మూడు నాలుగు నిమిషాలు చాలు. తర్వాత మామూలు పట్టుకు రండి, ఆ వదులు అలాగే ఉంచండి. ఆ అమ్మాయికి ఇదే ఎక్కువగా పనిచేసింది. మొదటి నాలుగు రోజులు నాదం అల్లాడిపోయింది, అది మామూలే.

నోరు కుదిరాక కింది స్వరాలకు వెళ్లండి. ఎడమచేతి బొటనవేలు, మూడు వేళ్లు మూసి సి పలికించి, ఆరు సెకన్లు నిలపండి. ఊపిరి ఆపకుండా కుడి చూపుడువేలు కలపండి, బి ఫ్లాట్ వస్తుంది. మధ్యవేలు కలిపితే ఎ, ఉంగరపు వేలు కలిపితే జి. ఆ తర్వాత చిటికెనవేలితో ఎఫ్, ఇ. ఏ వేలు దించగానే నాదం విరిగిందో కాగితం మీద రాసుకోండి. మీ ఉత్తరం ప్రకారం జి దగ్గరే, అంటే ఉంగరపు వేలు. అక్కడి రంధ్రం పెద్దది, ఆ వేలు అలవాటు లేనిది. కుడిచేతి మూడు వేళ్లతో పది సెకన్లు అదిమి తీసి, వేళ్ల కింద పడ్డ గుండ్రటి అచ్చులు చూడండి. పూర్తి వలయం కనిపించాలి. ఆ అమ్మాయి ఉంగరపు వేలి మీద ముప్పావు వలయమే ఉండేది, అటు చివర తెరుచుకుని ఉండేది. గట్టిగా నొక్కడం దానికి పరిష్కారం కాదు. కుడి బొటనవేలిని కొంచెం లోపలికి జరిపి, వేళ్లను కొద్దిగా వాల్చి మెత్తటి భాగంతో మూయించాను. వేలి కొనతో మూయకూడదు.

ఇవన్నీ చేశాక సుమారు రెండు వారాలకు ఆ అమ్మాయి కింది ఇ నిండుగా పలికింది. నోరు సరిగా ఉందో లేదో చివరి పరీక్ష ఒకటుంది, ఇంట్లో ఎవరైనా సాయం చేయవచ్చు. మీరు కింది స్వరం నిలకడగా ఊదుతుండగా, మీకు చెప్పకుండా, మీ పక్కనున్నవాళ్లు రిజిస్టర్ కీ నొక్కాలి. మీ నోరు ఏమీ చేయకుండానే స్వరం శుభ్రంగా పైకి దూకి, కీ వదిలితే మళ్లీ కిందికి రావాలి. దూకేటప్పుడు కీచుమన్నా, నాదం తెగిపోయినా ఇంకా కొరుకుతున్నారన్నమాట. ఈ పరీక్షను మీ ఆవిడతోనో పిల్లలతోనో సరదాగా చేయించుకోవచ్చు.

గాజువాక నుంచి ఎప్పుడైనా సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళ్లి వాయించాలనిపిస్తుంది, నాకు తెలుసు. వద్దు. ఉప్పు గాలికి కీల కింది ఉక్కు స్ప్రింగులు తుప్పు పడతాయి, ఇసుక కీలల్లో ఇరుక్కుంటుంది. ఇంట్లోనే వాయించండి, వాయించాక లోపల గుడ్డ లాగి తడి తీయండి. మౌత్‌పీస్‌ను వారానికోసారి చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోయొద్దు, ఎబోనైట్ రంగు మారి వంకరవుతుంది.

రెండు వారాలు 2 నంబరు రీడ్లతో ఇలా చేసి, `F#` నిలుస్తోందా, మాస్టారు తన మౌత్‌పీస్‌తో వాయిస్తే జి పలికిందా, మీ ఉంగరపు వేలి వలయం పూర్తిగా వస్తోందా, ఈ మూడూ రాయండి. మాస్టారికీ పలకకపోతే వాయిద్యం రిపేరుకు వెళ్లాలి. ఆయనకు పలికి మీకు `F#` మాత్రం నిలవకపోతే ఇంకో రెండు వారాలు పై పెదవి సాధన చేయాలి.